ఒకే అడ్రస్, రెండు విలువలు: ఇంటర్వ్యూకి ఓఎస్ చదవాల్సిన తీరు



ప్లేస్‌మెంట్ల సీజన్ రాగానే మన గ్రూపులో ఓఎస్ ప్రశ్నల పీడీఎఫ్‌లు తిరగడం మొదలవుతుంది. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం నుంచి వెళ్లి కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో హాస్టల్లో ఉండి చదివేవాళ్లంతా వాటినే బట్టీ పడుతున్నారు. అందులో మొదటి లైను అందరికీ తెలిసిందే: "థ్రెడ్ అంటే లైట్ వెయిట్ ప్రాసెస్." రాతపరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టడానికి ఇది సరిపోతది, కాదనను. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి "ఏది తక్కువైంది, ఎందుకు లైట్?" అని అడిగితే ఆ లైను దగ్గర జవాబు లేదు. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఆ రెండో ప్రశ్న దగ్గరే. అందుకే నా మాట ఏంటంటే, నిర్వచనాలు పక్కన పెట్టి అడ్రస్ స్పేస్ అనే ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ప్రాసెస్, థ్రెడ్, వర్చువల్ మెమరీ, కాంటెక్స్ట్ స్విచ్ నాలుగూ దాని నుంచే వస్తాయి.

దానికి ఈ చిన్న ప్రోగ్రాం చాలు. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు, ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ యాప్‌లో `pkg install clang` కొట్టి నడపొచ్చు.

```c
#include <stdio.h>
#include <unistd.h>
#include <sys/wait.h>

int x = 10;

int main() {
    if (fork() == 0) x = 20;
    else wait(NULL);
    printf("%p %d\n", (void*)&x, x);
}
```

`fork()` దగ్గర ఒక ప్రాసెస్ రెండవుతుంది. చైల్డ్ `x`ని 20 చేసి ప్రింట్ చేస్తుంది. పేరెంట్ అది అయ్యేదాకా ఆగి, తన `x`ని ప్రింట్ చేస్తుంది. తెరమీద ఇలా వస్తది (అడ్రస్ అంకెలు మీ దగ్గర వేరుగా ఉంటాయి):

```
0x5581c0a4a010 20
0x5581c0a4a010 10
```

ఇక్కడ కాసేపు ఆగి చూడండి. అడ్రస్ ఒక్కటే, విలువలు రెండు. ఆ అంకె నిజంగా ర్యామ్‌లోని చోటే అయితే ఇది జరిగే పని కాదు. అంటే ప్రోగ్రాం చూసే అడ్రస్ అసలు అడ్రస్ కాదు. అదే వర్చువల్ అడ్రస్. ప్రతి ప్రాసెస్‌కీ ఒక పేజ్ టేబుల్ ఉంటుంది, ఈ వర్చువల్ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. పేజీ సైజు సాధారణంగా 4096 బైట్లు, అంటే 12 బిట్లు, హెక్స్‌లో చివరి మూడు అంకెలు. పైన `010` అనేది పేజీ లోపలి స్థానం, అది మారదు. దానికి ముందున్న భాగాన్నే పేజ్ టేబుల్ మారుస్తుంది. రెండు ప్రాసెస్‌లు, రెండు టేబుళ్లు, అందుకే ఒకే అడ్రస్ రెండు చోట్లకి వెళ్లింది.

అయితే `fork()` అయిన వెంటనే మెమరీ మొత్తం కాపీ అయిందా? కాలేదు. మొదట రెండు టేబుళ్లూ ఒకే ర్యామ్ పేజీలను చూపిస్తాయి, వాటిని కెర్నల్ "చదవడానికి మాత్రమే" అని గుర్తుపెడుతుంది. చైల్డ్ `x = 20` రాయబోయినప్పుడు పేజ్ ఫాల్ట్ వస్తుంది, కెర్నల్ ఆ ఒక్క పేజీని కాపీ చేసి చైల్డ్‌కి ఇస్తుంది. దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు. మన ఫోన్లో యాప్‌లు పుట్టేది కూడా ఇట్లనే: జైగోట్ అనే ప్రాసెస్ అందరికీ కావాల్సిన లైబ్రరీలను ముందే ఎక్కించుకుని ఉంటది, యాప్ తెరిచినప్పుడు అది ఫోర్క్ అవుతది.

ఇప్పుడు `fork()` బదులు `pthread_create`తో థ్రెడ్ పెట్టి, అందులో `x = 20` చేయండి. రెండూ 20 అనే చెప్తాయి. ఎందుకంటే టేబుల్ ఒక్కటే. థ్రెడ్‌కి సొంతంగా ఉండేవి స్టాక్, రిజిస్టర్లు, తాను ఏ లైను దగ్గర ఉన్నదో చెప్పే ప్రోగ్రాం కౌంటర్, ఇంకా చిన్న చిన్నవి కొన్ని. "ఎందుకు లైట్?" అన్న ప్రశ్నకి జవాబు దొరికింది కదా: కొత్త అడ్రస్ స్పేస్ కట్టాల్సిన పని లేదు, అందుకు.

కాంటెక్స్ట్ స్విచ్ కూడా ఇక్కడి నుంచే అర్థమవుతుంది. సీపీయూ ఒక పనిని ఆపి ఇంకోదానికి పోయేటప్పుడు రిజిస్టర్లు దాచి, కొత్తదాని రిజిస్టర్లు ఎక్కిస్తుంది. ఒకే ప్రాసెస్‌లోని రెండు థ్రెడ్ల మధ్య అయితే అంతటితో అయిపోతది. వేరే ప్రాసెస్‌కి పోవాలంటే పేజ్ టేబుల్ కూడా మార్చాలి. ఈమధ్యే వెతికిన అడ్రస్‌లను సీపీయూ టీఎల్‌బీ అనే చిన్న క్యాష్‌లో దాచుకుంటుంది, అవి కొత్త ప్రాసెస్‌కి పనికిరావు. ఏ ఎంట్రీ ఏ ప్రాసెస్‌దో గుర్తు వేసుకునే ప్రాసెసర్లు ఇప్పుడు ఉన్నాయి కాబట్టి ప్రతిసారీ మొత్తం తుడిచేయాల్సిన అవసరం లేదు. అయినా కొంత నష్టం తప్పదు.

ఒక తప్పు మాత్రం మానేయండి. ఫోన్లో ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి వెళ్లడాన్ని కాంటెక్స్ట్ స్విచ్‌కి ఉదాహరణగా చెప్పకండి. మీరు తెర ముట్టుకోకపోయినా స్విచ్‌లు సెకనుకి వందలసార్లు జరుగుతూనే ఉంటాయి. తక్కువ ర్యామ్ ఫోన్లో ఆన్‌లైన్ ఫారం నింపుతూ ఓటీపీ కోసం మెసేజ్‌లకి వెళ్లి వచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ అయిపోతుంది చూడండి, అది స్విచ్ వల్ల కాదు. స్విచ్‌లో ఏదీ పోదు, దాచినది దాచినట్టే తిరిగి వస్తది. అక్కడ ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ వెనక ఉన్న ఆ పేజీ ప్రాసెస్‌నే చంపేసింది, దానితోపాటు దాని అడ్రస్ స్పేసూ పోయింది. ఈ తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పక గమనిస్తారు.

ఇంత సులువైతే అన్నిటికీ థ్రెడ్లే వాడొచ్చు కదా అంటారా? రెండు చిక్కులున్నాయి. ఒక థ్రెడ్ తప్పు అడ్రస్ ముట్టుకుని సెగ్మెంటేషన్ ఫాల్ట్ తెస్తే మొత్తం ప్రాసెస్ పోతుంది. క్రోమ్ బ్రౌజర్ వేర్వేరు సైట్లకి వేర్వేరు ప్రాసెస్‌లు పెట్టి, ఎక్కువ ర్యామ్ తినడానికి ఒప్పుకున్నది ఈ భయంతోనే, ఒక సైటు ఇంకో సైటు డేటా చూడకూడదని కూడా. రెండోది `x++`. అది చూడటానికి ఒక్క పని, కానీ లోపల మూడు: చదవడం, కలపడం, రాయడం. `x` 10 ఉన్నప్పుడు ఒక థ్రెడ్ 10 చదివిన వెంటనే స్విచ్ అయింది అనుకోండి. రెండో థ్రెడ్ కూడా 10 చదివి 11 రాసింది. మళ్లీ మొదటిది వచ్చి, తన చేతిలో ఉన్న పాత 10కి ఒకటి కలిపి 11 రాసింది. 12 రావాల్సిన చోట 11 వచ్చింది. ఇది ప్రతిసారీ జరగదు, అందుకే పట్టుకోవడం కష్టం. లక్షసార్ల లూప్ పెట్టి రెండు థ్రెడ్లతో నడిపితే మొత్తం తగ్గి కనబడుతది. దీనికే మ్యూటెక్స్.

కాబట్టి సీనియర్లకి నా విన్నపం: జూనియర్లకి ఇంకో పీడీఎఫ్ పంపకండి, ఈ ప్రోగ్రాం పంపండి. చదివేవాళ్లు దీన్ని నడిపి, పక్క మంచం మీద ఉన్నవాళ్లకి కోయలోనో తెలుగులోనో చెప్పి చూడండి. చెప్తూ చెప్తూ ఎక్కడ ఆగిపోతారో, ఆ రాత్రి చదవాల్సింది అదే. థ్రెడ్ ప్రోగ్రాం రాసినవాళ్లు కోడ్ కింద పెట్టండి, తప్పులుంటే కలిసి చూద్దాం.