రైట్ క్లిక్ పనిచేయదు, కాపీ కాదు.. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సమాచారాన్ని దాచుకోవడం ఎలా?

స్కాలర్‌షిప్ నోటిఫికేషన్‌లో అర్హతల జాబితా, భూమి వివరాల పేజీ, దరఖాస్తు స్థితి.. ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే చూసుకుంటున్నాం. తీరా కావాల్సిన రెండు లైన్లను కాపీ చేసి ఇంట్లో వాళ్లకు వాట్సాప్‌లో పంపుదామంటే చాలా సైట్లు ఒప్పుకోవు. వేలు నొక్కి పట్టుకున్నా అక్షరాలు సెలెక్ట్ కావు. కంప్యూటర్‌లో రైట్ క్లిక్ చేస్తే 'రైట్ క్లిక్ డిసేబుల్డ్' అని ఒక పెట్టె వస్తుంది. చివరకు చేత్తో రాసుకోవాలి. రాసేటప్పుడు ఒక అంకె తప్పితే దరఖాస్తే తిరస్కరణకు గురికావచ్చు.

ఈ అడ్డంకి ఎక్కడుంది? చట్టాన్ని దాటకుండా సమాచారాన్ని చదువుకునే, దాచుకునే దారులేంటి?

అడ్డుపడేది ఎవరు?

పేజీ మీ తెరపై కనిపిస్తోందంటే అందులోని అక్షరాలు అప్పటికే మీ ఫోన్‌కో కంప్యూటర్‌కో చేరాయని అర్థం. కాపీని ఆపడమంటే సమాచారానికి తాళం వేయడం కాదు. వచ్చిన సమాచారాన్ని ముట్టుకోవద్దని ఆ పేజీ మీ బ్రౌజర్‌కు చెప్పడం మాత్రమే. ఇది సాధారణంగా మూడు రకాలుగా జరుగుతుంది.

మొదటిది, పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో ఒక్క లైను చేర్చడం. ఇది ఉంటే అక్షరాలు అసలు సెలెక్టే కావు.

```
user-select: none;
```

రెండోది జావాస్క్రిప్ట్. రైట్ క్లిక్ చేసినప్పుడు, Ctrl+C నొక్కినప్పుడు ఆ పనిని మధ్యలోనే ఆపేస్తుంది. హెచ్చరిక పెట్టె వచ్చిందంటే ఇదేనని గుర్తించవచ్చు. మూడోది, అక్షరాలను అసలు అక్షరాలుగా కాకుండా బొమ్మగా పెట్టడం. స్కాన్ చేసిన ఉత్తర్వులు ఈ కోవలోకే వస్తాయి. పేజీని బాగా జూమ్ చేస్తే అక్షరాల అంచులు మసకబారతాయి. అలా జరిగితే అది బొమ్మే.

మొదటి రెండింటికి పరిష్కారం బ్రౌజర్‌లోనే ఉంది. మూడోదానికి వేరే దారి వెతకాలి.

ముందుగా ప్రింట్

అన్నింటికంటే సులువైన, ఎక్కువసార్లు పనిచేసే దారి ప్రింట్. ప్రింటర్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో Ctrl+P నొక్కి, ప్రింటర్ పేరు ఉండే చోట Save as PDF ఎంచుకుంటే చాలు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలో Share, ఆ తర్వాత Print నొక్కాలి. ఐఫోన్ సఫారీలోనూ షేర్ మెనూలోనే Print ఉంటుంది.

పేజీలో సెలెక్ట్ కాని అక్షరాలు ఇలా తయారైన పీడీఎఫ్‌లో సాధారణంగా సెలెక్ట్ అవుతాయి. వెబ్ పేజీ పెట్టిన షరతు పీడీఎఫ్‌కు వర్తించకపోవడమే కారణం.

ఒక ఉదాహరణ చూద్దాం. మీరు ఒక పోర్టల్‌లో లాగిన్ అయి దరఖాస్తు పంపారు. తెరపై రసీదు నంబరు, తేదీ కనిపిస్తున్నాయి. అక్కడ రైట్ క్లిక్ లేదు. ఇలాంటప్పుడు Ctrl+S కంటే Ctrl+P మేలు. Ctrl+Sతో సేవ్ చేసేటప్పుడు కొన్నిసార్లు బ్రౌజర్ ఆ పేజీని సర్వర్ నుంచి మళ్లీ తెప్పించుకుంటుంది. ఈలోగా సెషన్ ముగిసిపోతే సేవ్ అయ్యేది రసీదు కాదు, లాగిన్ పేజీ. ప్రింట్‌లో అయితే తెరపై అప్పటికే ఉన్నదే పీడీఎఫ్‌గా మారుతుంది.

ప్రింట్ చేసే ముందు More settings తెరిచి Headers and footersకు టిక్ పెట్టండి. ప్రతి పేజీ అంచున తేదీ, వెబ్ చిరునామా పడతాయి. రేపు 'మా సైట్‌లో అలా లేదు' అని కార్యాలయంలో అంటే, మీరు ఏ రోజు ఏ పేజీలో చూశారో చెప్పడానికి అది పనికొస్తుంది. పీడీఎఫ్ సేవ్ అయ్యాక ఒకసారి తెరిచి రసీదు నంబరు మొత్తం పడిందో లేదో చూసుకున్నాకే లాగౌట్ కావాలి.

కొన్ని సైట్లు ప్రింట్‌లోనూ ఏమీ రాకుండా చేస్తాయి. ప్రివ్యూ ఖాళీగా కనిపిస్తే అదే కారణం కావచ్చు. అప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి. పైన చిరునామా పట్టీ, ఫోన్ గడియారం కూడా కనిపించేలా తీయడం మంచిది.

చదవడానికైతే రీడర్ మోడ్

నోటిఫికేషన్, పథకం వివరణ లాంటి పొడవైన పేజీలకు రీడర్ మోడ్ అనువుగా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్ బ్రౌజర్లలో చిరునామా పట్టీ దగ్గర దీని గుర్తు కనిపిస్తుంది. క్రోమ్‌లో రీడింగ్ మోడ్ మెనూలో ఉంటుంది. ఇది పేజీలోని అక్షరాలను మాత్రమే తీసుకుని శుభ్రంగా చూపిస్తుంది. సైట్ పెట్టిన అడ్డంకులు అందులోకి రావు కాబట్టి కాపీ కూడా అవుతుంది. అక్షరాల సైజు పెంచుకోవచ్చు. చూపు మందగించిన పెద్దవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. బ్రౌజర్ ఆ పేజీని వ్యాసంగా గుర్తిస్తేనే ఇది సరిగా పనిచేస్తుంది. పట్టికలు, ఫారాలు ఉన్న పేజీల్లో గుర్తు కనిపించకపోవచ్చు, కనిపించినా సగం సమాచారం జారిపోవచ్చు. పట్టికలకు ప్రింటే నమ్మకం. ఫైర్‌ఫాక్స్ వాడేవారికి మరో వెసులుబాటు ఉంది. Shift నొక్కిపట్టి రైట్ క్లిక్ చేస్తే, సైట్ వద్దన్నా బ్రౌజర్ తన మెనూను చూపిస్తుంది.

తెలుగు పీడీఎఫ్‌తో వచ్చే చిక్కు

ఇక్కడ మనకు ప్రత్యేకమైన సమస్య ఒకటుంది. పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది, కాపీ కూడా అవుతుంది. పేస్ట్ చేస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఎవరూ కాపీని ఆపలేదు. ఆ ఫైలును యూనికోడ్‌లో కాకుండా డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి పాత ఫాంట్లతో టైప్ చేశారు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల ఆకారాలు ఉంటాయి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు ఇంగ్లిష్.

దీన్ని తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పీడీఎఫ్‌లో మీకు ఎదురుగా కనిపిస్తున్న ఒక తెలుగు పదాన్ని సెర్చ్‌లో టైప్ చేయండి. 'దొరకలేదు' అని వస్తే లోపలి అక్షరాలు సరిగా లేవని, లేదంటే అది స్కాన్ బొమ్మ అని అర్థం.

రెండింటికీ మందు ఒకటే. బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్. ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో Open with ద్వారా Google Docsలో తెరిస్తే, బొమ్మ కింద అక్షరాలు టెక్స్ట్‌గా వస్తాయి. తెలుగుకూ ఇది పనిచేస్తుంది. అయితే ఒత్తులు, గుణింతాల్లో పొరపాట్లు దొర్లుతాయి. సర్వే నంబర్లు, తేదీలు, ఖాతా నంబర్లను అసలుతో సరిపోల్చకుండా వాడొద్దు. ఆధార్, బ్యాంకు వివరాలున్న పత్రాలను ఊరూపేరూ లేని 'ఫ్రీ ఓసీఆర్' సైట్లలో అప్‌లోడ్ చేయొద్దు.

పేస్ట్ ఆపితే భద్రతేనా?

బ్యాంకు ఖాతా నంబరును రెండోసారి అడిగే గడిలో పేస్ట్ ఆపడానికి కొంత అర్థముంది. మొదటి గడిలోని తప్పును అలాగే రెండో గడిలోకి తెచ్చుకోకుండా చూడటం దాని ఉద్దేశం. అక్కడ పాస్‌బుక్ చూసి టైప్ చేయడమే మంచిది.

పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ ఆపడం వేరు. పొడవైన పాస్‌వర్డును పేస్ట్ చేయలేనివాళ్లు చివరకు తేలికగా టైప్ చేయగలిగే బలహీనమైన పాస్‌వర్డు పెట్టుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే పాస్‌వర్డ్ పేస్టును అనుమతించాలని తన మార్గదర్శకాల్లో సూచించింది. అదే ఏడాది బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం కూడా పేస్టును ఆపొద్దని వాదించింది.

చట్టం ఏమంటోంది?

కాపీరైట్ చట్టం-1957లోని సెక్షన్ 52 కొన్ని వాడకాలను ఉల్లంఘనగా చూడదు. చదువు, పరిశోధన సహా సొంత అవసరాలకు న్యాయమైన మేరకు వాడుకోవడం అందులో ఒకటి. అధికారిక గెజిట్‌లో ప్రచురితమైన నోటిఫికేషన్లు, కోర్టు నిషేధించని తీర్పులను పునర్ముద్రించడానికీ వీలుంది. అదే చట్టంలోని సెక్షన్ 65ఏ మరో కోణం. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ఇక్కడ కీలకం ఉద్దేశం. మీ రసీదును పీడీఎఫ్ చేసుకోవడం, ఒక పబ్లిషర్ పుస్తకానికి వేసిన తాళం పగలగొట్టి పంచిపెట్టడం ఒకటి కావు. డబ్బు కట్టి చదవాల్సిన పేజీలకు, పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లకు ఈ చిట్కాలు వర్తించవు.

మీరు దాచుకున్న పీడీఎఫ్ ధ్రువీకృత నకలు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. బ్యాంకు రుణానికో కోర్టుకో కావాలంటే మీసేవ లాంటి కేంద్రాల ద్వారా, లేదా సంబంధిత కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాల్సిందే.

వీటికి దూరంగా ఉండండి

'కాపీని అన్‌లాక్ చేస్తాం' అనే ఎక్స్‌టెన్షన్లు చాలానే ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాటిలో చాలావరకు అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి అడుగుతాయి. అంటే మీ నెట్ బ్యాంకింగ్ పేజీ కూడా అందులో భాగమే. రెండు లైన్ల కాపీ కోసం అంత అనుమతి ఇవ్వాల్సిన పనిలేదు. వాట్సాప్‌లోనో వీడియోలోనో వచ్చిన కోడ్‌ను బ్రౌజర్ కన్సోల్‌లో పేస్ట్ చేయడం ఇంకా ప్రమాదం. లాగిన్ అయి ఉన్న ఖాతా ఇతరుల చేతికి పోవచ్చు.

సైట్‌నే మార్చమని అడగొచ్చు

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 సమాచారం అందరికీ అందుబాటు రూపంలో ఉండాలంటోంది. బొమ్మగా పెట్టిన ఉత్తర్వును స్క్రీన్ రీడర్ చదవలేదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల (జీఐజీడబ్ల్యూ) ప్రకారం ప్రతి సైట్‌కూ వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్ ఉండాలి. ఆ వివరాలు సాధారణంగా కాంటాక్ట్ పేజీలో ఉంటాయి. 'ఫలానా పేజీలో అక్షరాలు సెలెక్ట్ కావడం లేదు, యూనికోడ్ ప్రతి పెట్టండి' అని చిరునామాతో సహా రాయండి. స్పందన రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయాలకు దరఖాస్తు రుసుము రూ.10. సెక్షన్ 7(9) ప్రకారం సమాచారాన్ని సాధారణంగా అడిగిన రూపంలోనే ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తులో 'ఎలక్ట్రానిక్ రూపంలో, కాపీ చేసుకోగలిగే టెక్స్ట్‌గా కావాలి' అని స్పష్టంగా రాయడం మరిచిపోవద్దు.