ఒక్క కొలతతో బీపీ వ్యాధి నిర్ధారణ కాదు

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే యాభై ఏళ్ల మనిషి ఎండలో నడిచి ఆసుపత్రికి వచ్చి, కూర్చున్న వెంటనే బీపీ చూపించుకోగా 156/96 వచ్చిందనుకోండి. ఆ ఒక్క కొలతతోనే జీవితకాలపు మాత్ర మొదలుపెట్టడం సరికాదని నా అభిప్రాయం. వైద్యుడు దగ్గరకు రాగానే పీడనం పెరగడాన్ని 1983లో ఇటలీకి చెందిన మాంచియా బృందం ధమనిలోనే నేరుగా కొలిచి చూపింది. తొలి నిమిషాల్లో పై అంకె సగటున 27 దాకా పెరిగింది. దీన్నే వైట్ కోట్ ప్రభావం అంటారు.

కనుక ఆయన ఇంట్లో, భుజానికి దిగువన పట్టీ చుట్టే యంత్రంతో వారం రోజులు చూసుకోవాలి. టీ గాని చుట్ట గాని తాగిన అరగంట వరకు కొలవరాదు. వీపు ఆనించి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చుని, చేతిని గుండె ఎత్తున ఉంచి, ఉదయం, సాయంత్రం నిమిషం ఎడంతో రెండేసి సార్లు కొలిచి రాసుకోవాలి. మొదటి రోజువి వదిలి, మిగిలిన 24 కొలతల సగటు తీయాలి. అది 126/80 అయితే మాత్ర అవసరం సాధారణంగా ఉండదు. ఏటా మళ్లీ చూసుకుంటే చాలు. పై అంకె 135 గాని, కింది అంకె 85 గాని చేరితే వ్యాధి ఉన్నట్టే. ఆసుపత్రిలో వాడే 140/90 హద్దు ఇంటి కొలతకు వర్తించదు.

అయితే 180/110 చేరితే వారం ఆగకుండా ఆ రోజే వైద్యుణ్ణి కలవండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు తోడైతే క్షణం ఆలస్యం చేయకండి. ఇప్పటికే మాత్ర వాడుతున్నవారు దీన్ని చదివి సొంతంగా మానరాదు.