వాక్యాన్ని నరికితే భారం తగ్గదు

తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అంటూ 2018లో చట్టం వచ్చింది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ లాంటి బోర్డుల బడుల్లో తొమ్మిది, పది తరగతులకు సులభ తెలుగు వాచకం ‘వెన్నెల’ చెప్పాలని 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. తొమ్మిదో తరగతికి 2025-26 నుంచి, పదికి 2026-27 నుంచి అమలు. ఇంట్లో తెలుగు వినని పిల్లలకు వేరే వాచకం ఉండటం న్యాయమే. ఆ పుస్తకంలోని పాఠాలతో మాకు పేచీ లేదు. ఆ ఉత్తర్వు చాటున ఉపాధ్యాయుల గదుల్లోకి, గైడ్లలోకి, వర్క్‌షీట్లలోకి పాకిన ఒక నమ్మకంతోనే మా పేచీ. తెలుగు రెండో భాషగా నేర్చుకునేవాడికి పొడుగు వాక్యం ఎక్కదట. దాన్ని ముక్కలు చేసి పెడితే చాలట.

పాలమూరు నుంచి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ చర్చంతా హైదరాబాదు బోర్డు బడుల పిల్లల చుట్టే తిరిగింది. గద్వాల పక్కన రాయచూరు వైపు కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఉర్దూ ఇళ్లున్నాయి. ఈ మూడు జిల్లాల్లోనూ లంబాడీ తండాలున్నాయి. తండా పిల్ల సర్కారు బడికొచ్చి, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల పక్కన కూర్చుని అదే వాచకం చదువుతుంది. ఆమెకు తెలుగు రెండో భాష అన్న సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. సులభ వాచకం ఆమెకు లేదు, పొడుగు వాక్యం చదివే పద్ధతి చెప్పినవాళ్లూ లేరు.

పొడుగు వాక్యంలో బిడ్డ తప్పిపోయేది పొడుగు వల్ల కాదు. ఏ పని ఎవరు చేశారో, ‘ఆమె’ అంటే ఎవరో, ‘తాను’ అంటే ఎవరో తెలియక తప్పిపోతుంది. ఆ ఆనవాళ్లు వాక్యంలోనే ఉంటాయి. వాక్యాన్ని నరికితే మొదట పోయేవి ఆ ఆనవాళ్లే. ఒక వాక్యం తీసుకుని చూద్దాం.

“సంతలో చీరలు అమ్మి ఇంటికొచ్చిన సోమన్న, చెల్లెలు తెచ్చిన నూలు చూసి, అది రంగు వెలిసి ఉందని గ్రహించి, ఆమె అడిగితే తానే మార్చి తెస్తానని తల్లితో చెప్పి, చీకటి పడ్డాక బయటికి వెళ్లాడు.”

ఏడో తరగతి పిల్లలకు పెద్ద వాక్యమే. మూడు ప్రశ్నలు అడగండి: నూలు తెచ్చింది ఎవరు? మార్చి తెచ్చేది ఎవరు? అడగాల్సింది ఎవరు? తెలుగు ఇంటి పిల్లలు తడుముకోకుండా చెబుతారు. రెండో భాష పిల్లలు మొదటిదానికి సోమన్న అనో, రెండోదానికి తల్లి అనో చెప్పొచ్చు. ఏ ప్రశ్నకు తప్పారో చూస్తే, ఏ కీలు దగ్గర జారారో తెలిసిపోతుంది.

ఇప్పుడు ‘సులభం’ చేసిన పాఠం చూడండి. “సోమన్న సంతలో చీరలు అమ్మాడు. అతను ఇంటికి వచ్చాడు. చెల్లెలు నూలు తెచ్చింది. అతను దాన్ని చూశాడు. అది రంగు వెలిసింది. అతను తల్లితో మాట్లాడాడు. ఆమె అడగాలి. అతను మార్చి తెస్తాడు. చీకటి పడింది. అతను బయటికి వెళ్లాడు.” పది వాక్యాలు, అయిదు ‘అతను’లు. పెద్ద వాక్యంలో ఒక్క ‘అతను’ కూడా లేదు, అవసరం రాలేదు. ‘అమ్మి’, ‘చూసి’, ‘గ్రహించి’, ‘చెప్పి’ అన్న రూపాలే కర్త మారలేదని చెబుతూ వచ్చాయి. నరికిన పాఠంలో ఆ హామీ పోయింది. ప్రతి ‘అతను’ దగ్గరా బిడ్డ ఆగి ఎవరని వెతుక్కోవాలి. అంతకన్నా ఘోరం, ‘ఆమె’ ఇప్పుడు తల్లి పక్కన పడింది. అసలు వాక్యంలో తల్లి మాట రాకముందే ‘ఆమె’ వచ్చింది కాబట్టి అది చెల్లెలు. ముక్కల పాఠంలో అడగాల్సింది తల్లి అయి కూర్చుంది. సులభం చేశామన్నవాళ్లు కథే మార్చేశారు.

గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదనే కలిపి నేస్తారు. ఆ కలిపే చోటే పనితనమంతా. వాక్యంలోనూ నేర్పాల్సింది ఆ కలిపే చోటునే.

ఎలా నేర్పాలి? తెలుగు వాక్యం చివర తాళం వేసుకుని ఉంటుంది కాబట్టి చివరి నుంచి మొదలుపెట్టాలి. ‘వెళ్లాడు’ అంటే ఒక్క మగవాడు. వాక్యంలో మగవాడు సోమన్న ఒక్కడే. కథ అతనిది. ‘వెళ్లాడు’ కింద గీత గీయమనండి.

తర్వాత ‘అని’ని వెతకాలి. ‘ఉందని’, ‘తెస్తానని’ రెండున్నాయి. ‘అని’ ముందున్నదంతా ఒకరి మాటో, తలపో. దాని చుట్టూ పెన్సిల్‌తో గూడు కట్టమనండి. గూడు లోపలి పనులను బయటి పనులతో కలపకూడదు. ఈ మెట్టు దాటేసే ఉపాధ్యాయులే ఎక్కువ. దాటేస్తే ‘మార్చి’ కూడా ‘చూసి’, ‘చెప్పి’ల వరసలో కలిసిపోయి, సోమన్న నూలు మార్చేసి బయటికి వెళ్లాడని అర్థమవుతుంది. నిజానికి ‘మార్చి’ గూడు లోపలిది, ‘తెస్తాను’కు చెందింది. మార్చడం ఇంకా జరగలేదు.

మూడోది, గూడు బయట మిగిలిన ‘చూసి’, ‘గ్రహించి’, ‘చెప్పి’లను చివరి ‘వెళ్లాడు’కు గీతలతో కలపాలి. ఇవి క్త్వార్థకాలు, ఒకే కర్త చేసిన వరస పనులు. ‘అడిగితే’, ‘పడ్డాక’ దగ్గర మాత్రం ఆగాలి. అక్కడ కర్త మారొచ్చు. అడిగేది చెల్లెలు, పడ్డది చీకటి. ‘వచ్చిన సోమన్న’, ‘తెచ్చిన నూలు’ చూడటానికి ఒకలాగే ఉంటాయి. మొదటిదాంట్లో వెనకొచ్చిన మనిషే కర్త. రెండోదాంట్లో వెనకొచ్చింది వస్తువు, కర్త ముందున్న చెల్లెలు. ‘ఎవరు తెచ్చిన?’ అని గట్టిగా అడిగితే ఈ తేడా బయటపడుతుంది.

ఇక ‘తాను’. రెండో భాష పిల్లలకు అసలు ముడి ఇక్కడే ఉంది. ‘తాను’ ప్రథమ పురుష, దాని క్రియ ‘తెస్తాను’ ఉత్తమ పురుష. ఈ రెండూ ‘అని’ గూట్లో జంటగా కనబడితే, ఆ మాట అన్నవాడే ఆ పని చేసేవాడు. ‘తెస్తాడని’ అని ఉంటే పని ఇంకో మగవాడిది. ‘తెస్తుందని’ అని ఉంటే చెల్లెలిది. ఒక్క ప్రత్యయం మారితే మనిషి మారిపోతాడు. ఈ మూడు రూపాలూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, ‘తెచ్చేది ఎవరు?’ అని అడగడానికి పది నిమిషాలు చాలు.

ఉర్దూ ఇంటి బిడ్డకు ఇందులో సగం ముందే తెలుసు. ‘బేచ్‌కర్’ అంటే ‘అమ్మి’, ‘దేఖ్‌కర్’ అంటే ‘చూసి’. రెండు భాషల్లోనూ కర్త ఒకడే. కానీ ఉర్దూలో ‘ఉస్‌నే కహా కె’ అని ముందే చెప్పి, తర్వాత మాట వస్తుంది. తెలుగులో మాటంతా అయ్యాక ‘అని’ వస్తుంది. ఆ బిడ్డ గూడు లోపల ఉన్నట్టు తెలియకుండానే సగం దూరం నడిచేస్తుంది. పైగా ఉర్దూలో మగవాడికీ ఆడమనిషికీ వస్తువుకీ ‘వో’ ఒక్కటే, మగా ఆడా తేడా ‘ఆయా’, ‘ఆయీ’ అన్న క్రియలో తేలుతుంది. మన ‘వచ్చింది’ చెల్లెలికీ బస్సుకీ వానకీ ఒక్కటే. కర్త చెప్పకుండా ‘వచ్చింది’ అంటే ఆ బిడ్డ ఆగిపోవడంలో వింత లేదు. కన్నడ బిడ్డకు ‘అని’ చిక్కు తక్కువ. వాళ్ల ‘మాడి’ మన ‘చేసి’లాగే నడుస్తుంది, వాళ్ల వాక్యమూ క్రియతోనే ముగుస్తుంది. ఒకే తరగతిలో ఇద్దరి చిక్కులూ వేరు. ఇద్దరికీ ఒకే నరికిన పాఠం ఇవ్వడాన్ని బోధన అనలేం.

విడదీసిన వాక్యాన్ని మళ్లీ కలిపించడం చివరి మెట్టు. సర్వనామాల చోట పేర్లు పెట్టి చిన్న వాక్యాలు రాయించాలి, పుస్తకం మూయించి మళ్లీ ఒకే వాక్యంగా చెప్పించాలి. కలపగలిగిన బిడ్డకే అర్థమైనట్టు. ఈ పద్ధతికి హద్దు లేకపోలేదు. ‘వాన కురిసి చెరువు నిండింది’లో కురిసింది వాన, నిండింది చెరువు. కారణం చెప్పేటప్పుడు క్త్వార్థకం కర్తను మారనిస్తుంది. ఒకే కర్త అన్న సూత్రం చేతికి బాగా అలవాటయ్యాకే దీన్ని చెప్పాలి.

మొదట చదవడం రానివ్వండి, బరువు తర్వాత చూద్దాం అంటారు కొందరు. ఒకటి, రెండు తరగతుల వరకు ఆ మాట ఒప్పుకుంటాం. తొమ్మిదో తరగతిలో ఒప్పుకోం. పదో తరగతి దాటిన బిడ్డ రేపు భూమి కాగితం చదవాలి, కోర్టు నోటీసు చదవాలి, ఆసుపత్రి సమ్మతి పత్రం చదవాలి. వాటిలో వాక్యాలను ఎవరూ నరికిపెట్టరు. ‘తాను’ ఎవరో తెలియని బిడ్డ సంతకం పెట్టేది ఎవరి మాట కింద?

ఇప్పుడు పరీక్షల్లో జరుగుతున్నదేమిటి? క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అన్న పేర్లు బట్టీ పట్టిస్తున్నారు. ‘అమ్మి’ని చూపిస్తే క్త్వార్థకమని చెప్పి మార్కు తెచ్చుకునే బిడ్డ, అమ్మింది ఎవరో చెప్పలేకపోతోంది. పేరు నేర్పి పని నేర్పని చదువిది. వ్యాకరణం గుర్తింపు కార్డుగా మిగిలిపోయింది. దీన్ని సరిదిద్దకుండా వాక్యాలు కత్తిరించడం, చూపు మందగించిందని అక్షరాలు చెరిపేయడమే.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు, గద్వాల సీమవాడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబిచ్చారు. ఆ నింద కవుల మీద పడింది. ఇప్పటి నింద పిల్లల మీద పడింది, వాళ్లకు ఎక్కదని. అందుకే గట్టిగా అంటున్నాం.

మేము అడుగుతున్నవి చిన్నవే. సులభ వాచకంలో ప్రతి పాఠానికీ ఒక్క పొడుగు వాక్యమైనా నరక్కుండా ఉంచండి. దాని కింద వ్యాకరణం పేర్లు అడగొద్దు. ‘ఎవరు చేశారు, ఎవరితో అన్నారు, తాను అంటే ఎవరు’ అని అడగండి. పది పరీక్షలో ఆ మూడు ప్రశ్నలకు మార్కులివ్వండి. మార్కులుంటేనే బడిలో చెబుతారు. ఈ మూడు జిల్లాల ఉపాధ్యాయ శిక్షణలో ఒక్క పూట ఉర్దూ, లంబాడీ, కన్నడ ఇళ్ల పిల్లల వాక్యాల మీద పెట్టండి. తండా బిడ్డకు తెలుగు రెండో భాష అని బడి రిజిస్టర్‌లో రాయండి. రాస్తేనే ఆ బిడ్డకు వేరే సాయం కావాలన్న సంగతి గుర్తుంటుంది.