అకౌంట్ తీసి మళ్లీ పెట్టడం మందు కాదు

ఫోన్ క్యాలెండర్‌లో తేడా వస్తే అందరూ చెప్పే మందు ఒక్కటే: అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టు. ఐఫోన్‌లో గూగుల్ క్యాలెండర్ వాడేవాళ్లకు ఈ సలహా ముందుగా ఇవ్వడం తప్పని నా వాదన. ఫోన్‌లో కనిపించేది గూగుల్ సర్వర్‌లో ఉన్నదానికి నకలు మాత్రమే. అకౌంట్ తీస్తే ఆ నకలు పోతుంది, పెడితే సర్వర్‌లోని సెట్టింగ్‌ల ప్రకారం మరో నకలు దిగుతుంది. సెట్టింగే తప్పయితే కొత్త నకలులోనూ అదే తప్పు. పైగా సర్వర్‌కు ఇంకా చేరని మార్పులేవైనా ఉంటే పాత నకలుతోపాటే పోతాయి.

పిల్లల పరీక్షలు, ఫీజు తేదీల కోసం భార్యాభర్తలు ఒక క్యాలెండర్ పంచుకున్నారనుకుందాం. భర్త ఐఫోన్‌లో అది కనిపించలేదు. అకౌంట్ తీసి పెట్టాడు. సొంత క్యాలెండర్ వచ్చింది, స్కూల్‌ది రాలేదు. పంచుకున్న క్యాలెండర్లలో ఏవి ఐఫోన్‌కు వెళ్లాలో ఎంచుకునే పేజీ గూగుల్‌లో విడిగా ఉంది: calendar.google.com/calendar/syncselect. అక్కడ టిక్ లేకపోతే ఎన్నిసార్లు అకౌంట్ పెట్టినా రాదు. అది తెలియక భార్య నుంచి ఆ క్యాలెండర్ ఐకాల్ లింక్ తెప్పించుకుని, ఫోన్‌లో సబ్‌స్క్రిప్షన్‌గా చేర్చాడు. తర్వాత ఎవరో చెబితే టిక్ కూడా పెట్టాడు. ఇక ప్రతి పరీక్షా రెండుసార్లు కనిపిస్తుంది. మళ్లీ అకౌంట్ తీసి పెట్టినా లాభం లేదు, ఎందుకంటే సబ్‌స్క్రిప్షన్ ఆ అకౌంట్‌లో భాగం కాదు. అసలు ప్రమాదం ఇక్కడే. విసిగిపోయి ఒకదాన్ని డిలీట్ చేయబోతే సబ్‌స్క్రిప్షన్ ద్వారా వచ్చినది చెరగదు, అది చదవడానికి మాత్రమే. చెరిగేది అసలుది. అది సర్వర్‌లో పోతుంది, భార్య ఫోన్‌లో పోతుంది, తర్వాతి రిఫ్రెష్‌కు సబ్‌స్క్రిప్షన్‌లోనూ పోతుంది. గూగుల్ ట్రాష్‌లో సుమారు 30 రోజులు ఉంటుంది గనుక ఈలోగా గమనిస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. గమనించాలి కదా!

తీసి పెడితే నిజంగానే బాగుపడిన సందర్భాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. పాస్‌వర్డ్ మారి ఫోన్ లాగిన్ చెల్లకుండా పోయినప్పుడు అది పనిచేస్తుంది. అయితే అప్పుడు ఒక క్యాలెండర్ కాదు, మొత్తం అకౌంట్ అప్‌డేట్ కావడం ఆగిపోతుంది. ఒక్క క్యాలెండరే కనిపించకపోతే, లేదా పాతవి మాత్రమే మాయమైతే లాగిన్‌ను అనుమానించనక్కర్లేదు. పాతవి పోవడానికి ఐఫోన్ క్యాలెండర్ సెట్టింగ్‌లలోని Sync తరచూ కారణం; ఎంత వెనక్కి తేవాలో అదే నిర్ణయిస్తుంది.

సామాన్యులకు ఇంత వెతుకులాట కష్టమన్న అభ్యంతరాన్నీ ఒప్పుకోలేను. బ్రౌజర్‌లో calendar.google.com తెరిచి చూడటం అకౌంట్ తీసి పెట్టడంకన్నా తేలిక. ఈవెంట్ అక్కడ ఉండి ఫోన్‌లో లేదంటే లోపం క్యాలెండర్ల ఎంపికలోనో, Sync సెట్టింగ్‌లోనో, లాగిన్‌లోనో ఉంటుంది. అక్కడా లేదంటే ఆ ఈవెంట్ డిలీట్ అయి ఉండాలి, లేదా ఐక్లౌడ్ వంటి మరో క్యాలెండర్‌లో నమోదై ఉండాలి. కొత్త ఈవెంట్లు ఏ క్యాలెండర్‌లోకి వెళ్తున్నాయో డిఫాల్ట్ సెట్టింగ్ చూస్తే తెలుస్తుంది. రెండుసార్లు కనిపిస్తే ఒక్కోదాన్ని నొక్కి క్యాలెండర్ పేరు చదవండి. అందులో ఒకటి సబ్‌స్క్రిప్షన్ అయితే తీయాల్సింది ఈవెంట్‌ను కాదు, అకౌంట్‌నూ కాదు, ఆ సబ్‌స్క్రిప్షన్‌ను.