మౌనాన్ని అజ్ఞానం అనుకోనివ్వొద్దు

తెలుగు మీడియంలో చదివొచ్చిన మన విద్యార్థులకు నేను మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తుంటాను. ఎక్కువమంది తడబడేది పదాలు తెలియక కాదు, క్రియ దగ్గర. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే రావాలి. "గుంటూరు మిర్చి రైతుల అప్పులపై అధ్యయనం చేశాను" అన్న వాక్యాన్ని అదే వరసలో అనువదించబోతే గుంటూరు దగ్గరే నోరు ఆగిపోతుంది. ముందు "ఐ స్టడీడ్ డెట్" అనేయండి. తర్వాత "అమాంగ్ చిల్లీ ఫార్మర్స్", చివర "ఇన్ గుంటూరు".

మీ ప్రాజెక్టు గురించి రోజూ రెండు నిమిషాలు ఇలా మాట్లాడి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. క్రియకు ముందు ఆగుతుంటే ఇంకా అనువదిస్తున్నట్టే. వాక్యం ముగిశాక ఆగితే ఆలోచిస్తున్నట్టు. యాస మార్చుకోనక్కర్లేదు. చదివింది ప్యానెల్‌కు వినిపిస్తే చాలు.