ఏడో నంబరు సిస్టంలో కోలన్ పడదు

ఒక సీబీఎస్ఈ బడిలో ప్లస్ టూ పిల్లలకు కంప్యూటర్ సైన్సు చెప్పే టీచరు, పరీక్షలకు ముందు ల్యాబులో అరిగిపోయిన కీబోర్డులు మార్చమని ప్రిన్సిపల్‌కు రాసిన ఉత్తరం ఒకటి ఈ మధ్య మా చేతికి వచ్చింది. ‘గౌరవనీయులైన ప్రిన్సిపల్ మేడమ్ గారికి నమస్కారాలు’ అన్న వెంటనే ఆమె రాసిన మాట ఇది: ‘ఏడో నంబరు సిస్టంలో కోలన్ పడటం లేదు.’ ఒక పేజీ ఉత్తరం. ఆవేదన ఉంది కానీ ఫిర్యాదు గొంతు లేదు. ఆ ఒక్క కీ గురించి ఆమె అంత పట్టుగా ఎందుకు రాశారో తెలుసుకోవడం బడి నడిపేవాళ్లకు అవసరం.

పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్సులో రాతపరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్‌కు 30. ఆ ముప్ఫైలో ప్రాజెక్టు, రికార్డు, వైవా పోగా, సిస్టం ముందు కూర్చుని అప్పటికప్పుడు చేసి చూపించాల్సిన ల్యాబ్ టెస్టుకు 12 మార్కులు. పైథాన్ ప్రోగ్రాముకు 8, ఎస్‌క్యూఎల్ ప్రశ్నలకు 4. జేఈఈ మెయిన్ లాంటి ఆన్‌లైన్ పరీక్షల్లో మౌస్ ఉంటే చాలు, అంకెలు కూడా తెర మీది బొత్తాలతోనే కొడతారు. ఇక్కడ అలా కాదు. కీబోర్డే పిల్లల కలం.

పైథాన్ పాఠంలో మొదటి వారాల్లోనే వచ్చే చిన్న ప్రోగ్రాము చూడండి. మార్కుల జాబితాలో 33, ఆ పైన ఉన్నవాటిని కూడి చెబుతుంది.

```python
def total(marks):
    s = 0
    for m in marks:
        if m >= 33:
            s = s + m
    return s
```

ఈ ఆరు వరుసల్లో కోలన్ మూడుసార్లు వస్తుంది. def, for, if, while, else ఏది రాసినా వరుస చివర కోలన్ ఉండాల్సిందే. అది పడకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. కొత్త పైథాన్ అయితే SyntaxError: expected ':' అని తప్పు ఎక్కడుందో చెబుతుంది. చాలా ల్యాబుల్లో ఇంకా ఉన్న పాత వెర్షన్లు invalid syntax అని మాత్రమే అంటాయి. పిల్ల కోలన్ కొట్టానన్న నమ్మకంతోనే ఉంటుంది. వేలు నొక్కిన సంగతి వేలికి తెలుసు, తెర మీద ఆ రెండు చుక్కలు లేని సంగతి కంగారులో కంటికి ఆనదు. అది వదిలేసి లాజిక్కులో తప్పు వెతకడం మొదలుపెడుతుంది.

అదే కీ మీద Shift లేకుండా నొక్కితే సెమికోలన్. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ప్రశ్న చివరా అది పడాలి. పడకుండా Enter కొడితే తప్పని కూడా చెప్పదు. కింది వరుసలో -> గుర్తు చూపించి, ఇంకా ఏమైనా రాస్తావేమోనని ఎదురుచూస్తుంది. మళ్లీ Enter కొడితే మళ్లీ అదే గుర్తు. సెమికోలన్‌కు బదులు \g అని రాసినా పని జరుగుతుంది గానీ, ఆ సంగతి తెలిసిన పిల్లలు అరుదు. పరీక్ష గదిలో అది గుర్తుకు రావడం ఇంకా అరుదు. అంటే ఆ పన్నెండు మార్కుల పనీ ఏడో నంబరు సిస్టంలో ఒకే ఒక్క కీ మీద ఆధారపడి ఉంది. టీచరమ్మ ఉత్తరాన్ని ఆ కీతో మొదలుపెట్టడానికి కారణం ఇదే.

చనిపోయిన కీ కంటే సగం బతికి ఉన్న కీ ఎక్కువ బాధపెడుతుందని కూడా ఆమె రాశారు. పద్నాలుగో నంబరులో స్పేస్ బార్ ఎడమ చివర నొక్కితే పడదు, నడుమ నొక్కితే ఒక్కోసారి రెండు పడతాయి. తెలుగు వ్యాసం టైపు చేసేటప్పుడు ఒక ఖాళీ ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. పైథాన్‌లో వరుస మొదట ఉండే ఖాళీలకు అర్థం ఉంది, ఏ వరుస ఏ మెట్టు కిందికి వస్తుందో అవే చెబుతాయి. ఒక్క ఖాళీ ఎక్కువ పడితే IndentationError: unexpected indent అని వస్తుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు తెర మీది తప్పు కనిపిస్తుంది, స్పేస్ బార్ కనిపించదు.

ఉత్తరంలో మాకు బాగా నచ్చింది, అడిగే ముందు ఆమె చేసిన పరీక్ష. ల్యాబులోని 24 సిస్టంల దగ్గరా కూర్చుని, విండోస్‌లో osk అని కొట్టి తెర మీది కీబోర్డు తెరిచారు. చేతి కింద కీ నొక్కితే తెర మీద అదే కీ వెలుగుతుంది. వెలగనిదాన్ని కాగితం మీద రాసుకున్నారు. అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లీషు వాక్యమొకటి టైపు చేసి సరిపెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. అందులో అంకెలు రావు, బ్రాకెట్లు రావు, కోలన్ రాదు. ప్రోగ్రామింగ్ ల్యాబులో ముందు చూడాల్సినవే అవి.

తర్వాత చెడిన ప్రతి కీబోర్డునూ మంచి సిస్టంకు తగిలించి చూశారు. రెండు చోట్ల తప్పు కీబోర్డుది కాదని అక్కడ తేలింది. ఒకదాంట్లో @ కొడితే డబుల్ కోట్ పడుతోంది, డబుల్ కోట్ కొడితే @ పడుతోంది. సిస్టంలో బ్రిటిష్ లేఅవుట్ పెట్టి ఉంటే అలాగే జరుగుతుంది. రెండోదాంట్లో కీలు తేలిగ్గా తాకితే పడటం లేదు, కాసేపు అదిమి పట్టుకుంటేనే పడుతున్నాయి. కుడి Shift ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే మొదలయ్యే ఫిల్టర్ కీస్‌ను ఎవరో తెలియక ఆన్ చేశారు. రెండూ సెట్టింగుల్లో సరిచేశారు. పైసా ఖర్చు లేదు.

మిగతావి నిజంగా అరిగినవి. బడుల్లో ఉండే చవక కీబోర్డుల్లో కీల కింద మూడు పల్చని ప్లాస్టిక్ పొరలుంటాయి. పై పొర మీద, కింది పొర మీద కరెంటు పారే సన్నని గీతలు అచ్చువేసి ఉంటాయి. నడిమి పొరకు కీల దగ్గర కంతలుంటాయి. కీ నొక్కితే దాని కిందున్న రబ్బరు బుడిపె అణిగి, కంతలోంచి పై గీత కింది గీతకు తగులుతుంది. వేలు తీస్తే రబ్బరే కీని పైకి తోస్తుంది. దుమ్ము పట్టి కీ బిగుసుకుంటే ఊడదీసి తుడిస్తే బాగుపడుతుంది. ఆమె అలా అయిదింటిని బాగుచేశారు. రబ్బరు చిరిగినా, గట్టిపడినా తుడిచి లాభం లేదు. లోపల నీళ్లో టీయో పడి గీత తినేస్తే అసలే లాభం లేదు. అది గుర్తుపట్టడం తేలిక. ఒక్కో గీత మీద చాలా కీలు ఆధారపడి ఉంటాయి కాబట్టి, పైకి సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు కీలు ఒకేసారి పోతాయి. పంతొమ్మిదో నంబరుది ఆ జబ్బే.

అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డుల గురించి ఉత్తరంలో రెండు వాక్యాలే ఉన్నాయి. మేమైతే ఇంకాస్త రాసేవాళ్లం. టైపు నేర్చినవాళ్లకు కీ మీద అక్షరం అక్కర్లేదు, వాళ్లు కిందికి చూడరు. మన పిల్లల్లో చాలామంది వారానికి రెండు మూడు పీరియడ్లు మాత్రమే కీబోర్డు ముట్టుకుంటారు, ఒకటి రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొడతారు. అక్షరం కనపడకపోతే వాళ్లకు ఆ కీ లేనట్టే. పైగా ఇది వాడకం వల్ల మాత్రమే జరగదు. ల్యాబు శుభ్రం చేసేటప్పుడు థిన్నర్ లాంటివి గుడ్డకు అద్ది తుడిస్తే పైన అచ్చువేసిన అక్షరాలు దాంతోపాటే ఊడొస్తాయి. పిండిన తడిగుడ్డ చాలు. అక్షరం ఒక్కటే పోయి కీ బాగానే పడుతుంటే, అదే మోడల్ పాత కీబోర్డు నుంచి ఆ కీ పైతొడుగు తీసి పెట్టుకోవచ్చు, స్టిక్కర్లూ దొరుకుతాయి. అలాంటివాటిని ఆమె కొనాల్సిన జాబితాలో చేర్చలేదు.

చివరికి లెక్క ఇలా తేలింది. బాగున్నవి 11, తుడిస్తే బాగుపడినవి 5, సెట్టింగులతో సరిపోయినవి 2, మార్చక తప్పనివి 6. ఆరింటితోపాటు పరీక్ష రోజుకు అదనంగా రెండు, మొత్తం ఎనిమిది కావాలని అడిగారు. ఒక్కోటి 500 రూపాయల లెక్కన 4,000. అన్నీ యూఎస్‌బీవే ఉండాలన్నారు. పరీక్ష మధ్యలో ఒకటి మొరాయిస్తే, సిస్టం ఆపకుండానే దాన్ని పీకి ఇంకోటి తగిలించవచ్చు. గుండ్రటి పిన్నుండే పాత పీఎస్/2 రకమైతే సిస్టం ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, పిల్ల అప్పటిదాకా టైపు చేసి సేవ్ చెయ్యనిది పోతుంది.

ప్రిన్సిపల్ బల్ల మీద ఇలాంటి ఉత్తరాలు చాలా ఉంటాయి. కుళాయి, ఫ్యాను, బస్సు టైరు అన్నీ తక్షణమే కావాలి. కీబోర్డు ‘పనిచేస్తూనే ఉందిగా’ అనిపించడం సహజం, నూట నాలుగు కీలలో నూటమూడు పనిచేస్తూనే ఉన్నాయి మరి. అందుకే ఏ సిస్టంలో ఏ కీ పోయిందో, ఆ కీ పోతే పాఠంలో ఏది ఆగిపోతుందో, ఏది తామే బాగుచేసుకున్నారో రాసిన ఉత్తరానికి బలం ఎక్కువ. చదివినవాళ్లు నేరుగా ల్యాబుకు వెళ్లి ఏడో నంబరు ముందు కూర్చుని చూసుకోవచ్చు.

మంజూరు చేసే తేదీ గురించి మాత్రం మేమూ ఒక మాట అంటాం. ప్రాక్టికల్స్ జనవరిలో మొదలవుతాయి కదా, డిసెంబరు చివర్లో కొంటే సరిపోతుందనుకోకూడదు. కొత్త కీబోర్డులో Enter కీ ఆకారం మారవచ్చు, బ్యాక్‌స్పేస్ చిన్నదై దాని పక్కకు బ్యాక్‌స్లాష్ రావచ్చు. పాతదానికి అలవాటుపడిన వేళ్లు మొదటి రెండు మూడు పీరియడ్లు తప్పు కీ మీదే పడతాయి. ఆ తప్పులు రికార్డు ప్రోగ్రాములు చేసుకునేటప్పుడే అయిపోవాలి. డిసెంబరు మొదటి వారానికల్లా కావాలని టీచరు అడిగింది అందుకే. పరీక్ష రోజు ఎవరు ఏ సిస్టం ముందు కూర్చోవాలో రోల్ నంబరు చెబుతుంది, ఏడో నంబరు ఎవరికి వస్తుందో ఆ బడిలో ఇంకా ఎవరికీ తెలియదు.