రాత్రి పని నోటు పుస్తకంలో ఉంది, జీతంలో లేదు

మా పిన్ని దగ్గర రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి ఉంది. హైదరాబాద్‌లో పక్షవాతంతో మంచాన పడ్డ ఎనభై ఏళ్ల పెద్దాయనకు ఆమె ఇరవై నాలుగు గంటల అటెండెంట్. పెద్దాయనను ఎన్నిసార్లు పక్కకు తిప్పారో, ప్యాడ్ ఎప్పుడు మార్చారో రాసి పెట్టమని డాక్టర్ చెప్పాడు. ఏడో తరగతి చదివిన మా పిన్ని తేదీ, టైమ్ వేసి అన్నీ రాస్తుంది. ‘రాత్రి 11.30 తిప్పిన. 1.30 ప్యాడ్ మార్చిన. 3.30 తిప్పిన.’ పోయిన సెలవుల్లో ఆ పుస్తకం చూసినప్పుడు నాకు అందులో రోగి వివరాలకంటే ముందు ఒక కార్మికురాలి హాజరు పట్టీ కనిపించింది. ఆ ఇంట్లో ఆమె పని గంటలకు ఉన్న రుజువు అదొక్కటే.

ఆ మూడు ముక్కల వెనుక ఉన్న పని ఏమిటో అడిగాను. తడిసిన ప్యాడ్ తీయాలి, గోరువెచ్చని నీళ్లతో తుడవాలి, తడి లేకుండా ఆరబెట్టి క్రీమ్ రాయాలి. మనిషిని రెండో పక్కకు తిప్పి, వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టాలి. తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. వేలితో నొక్కితే ఆ ఎరుపు పోకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే. ఇదంతా అయ్యేసరికి నలభై నిమిషాలు. రెండు గంటలకోసారి తిప్పకపోతే కొద్ది రోజుల్లోనే మాంసం కనిపించే పుండ్లు పడతాయి. ‘రాత్రి లేస్తనే ఉంటా బిడ్డా. అయితే అది పని కాదంట, నిద్రంట’ అంది మా పిన్ని.

ఇప్పుడు ఆ పుస్తకాన్నే పట్టుకుని లెక్క వేద్దాం. ఉదయం అయిదున్నరకు ఆమె రోజు మొదలవుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు పడక వేస్తుంది. అంటే పదహారు గంటలు. తన స్నానం, తిండి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం, అన్నీ కలిపి రెండు గంటలు తీసేద్దాం. పద్నాలుగు గంటలు మిగిలాయి. రాత్రి మూడుసార్లు లేచిన రెండు గంటలు కలిపితే పదహారు. వారానికి సెలవు లేదు కాబట్టి 112 గంటలు. ఆ కుటుంబం ఏజెన్సీకి నెలకు 27,000 రూపాయలు, అంటే రోజుకు 900 కడుతోంది. మా పిన్ని చేతికి వచ్చేది రోజుకు 600. గంటకు ముప్పై ఏడున్నర రూపాయలు. మిగతా 300 ఏజెన్సీది. పని చూపించినందుకు ఒకసారి తీసుకునే కమిషన్ కాదది. ఆమె పనిచేసినంత కాలం, ప్రతి రోజూ పోయేది.

ఆరు వందలు పెద్ద కూలీ ఏమీ కాదు. అయినా దాన్నే ఎనిమిది గంటల న్యాయమైన కూలీ అనుకుందాం. గంటకు 75 అవుతుంది. 2019 వేతనాల కోడ్ ప్రకారం అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి, అంటే 150. పదహారు గంటలకు 1,800 రూపాయలు కావాలి. ‘ఏ మధ్యతరగతి ఇల్లు ఇంత ఇవ్వగలదు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలా ఇళ్లు ఇవ్వలేవు. అయితే ఆ 27,000కు నిజంగా ఎంత పని వస్తుందో కూడా చూడాలి. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, మధ్యలో గంట విరామం, వారానికి ఒక సెలవు అనుకోండి. పదకొండు గంటలకు 1,050 రూపాయలు. నెలకు ఇరవై ఆరు రోజులకు 27,300. దాదాపు అదే డబ్బు. అంటే ఆ కుటుంబం ఇస్తున్న మొత్తం న్యాయంగా ఒక మనిషి పగటి పనికి మాత్రమే సరిపోతుంది. రాత్రి, ఆదివారం, ఏజెన్సీ లాభం మా పిన్ని ఒంట్లోంచి వస్తున్నాయి.

‘తిండి, వసతి ఇస్తున్నాం కదా’ అనేది రెండో వాదన. ఆమె పడుకునేది పెద్దాయన మంచం పక్కన చాప మీద. దగ్గు వినబడగానే లేవాలని అక్కడ పడుకోబెట్టారు. కాపలా కాసే చోటును వసతి అనలేం.

ఇక నమ్మకం. ఏజెన్సీ ఆధార్ కాపీ తీసుకుంది, మొదటి పదిహేను రోజుల జీతం ‘హోల్డ్’ పేరుతో ఆపుకుంది. అమెరికాలో ఉన్న కొడుకు గదిలో కెమెరా పెట్టించాడు. తండ్రి మీద బెంగతోనే పెట్టించి ఉంటాడు. కానీ ఆమె నిద్రపోయేదీ ఆ గదిలోనే. ఒకసారి ఉంగరం కనబడలేదని ఆమె బ్యాగు విప్పి చూశారు. సాయంత్రానికి అది పరుపు కింద దొరికింది. క్షమించమని ఎవరూ అనలేదు. ఆమె వైపు నుంచి చూస్తే ఆ ఇంటిని నమ్మడానికి చేతిలో ఏ కాగితమూ లేదు. పని ఒప్పందం లేదు, సెలవు మాట లేదు. పెద్దాయన రేపు చనిపోతే ఎల్లుండి ఎక్కడో తెలియదు.

పనుల పంపకంలో కులం సంగతి కూడా చెప్పాలి. పనిలో చేరే రోజే ఏజెన్సీ మనిషి ‘మీరేమిటోళ్లు?’ అని అడిగాడు. మాదిగ అని చెప్పింది. అందుకు పని ఆగలేదు, ఎటు వైపు పనో తేలింది. వంటింట్లోకి వేరే మనిషిని పెట్టారు. మా పిన్ని పెద్దాయన మలమూత్రాలు తీస్తుంది, ముక్కు గొట్టం గుండా పాలు పోస్తుంది. ఆమె కంచం, గ్లాసు మాత్రం బాల్కనీలో విడిగా ఉంటాయి. గొట్టంతో ఆహారం పోయడం నర్సు పని. తల ఎత్తి ఉంచకుండా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు వస్తుంది. ప్రాణం నిలిపే పని అప్పగించడానికి అడ్డురాని కులం, గ్లాసు దగ్గరికి వచ్చేసరికి అడ్డొచ్చింది.

1946లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా అంబేడ్కర్ తెచ్చిన ఫ్యాక్టరీల సవరణ బిల్లు వారం పనిని 54 గంటల నుంచి 48కి తగ్గించింది. ఫ్యాక్టరీకి గేటు ఉంది, సైరన్ ఉంది, తనిఖీ అధికారి వస్తాడు. ఇంటి తలుపు దగ్గర ఇవన్నీ ఆగిపోతాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటి పనివారిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. 2025 జనవరిలో ఇంటి కార్మికుల కోసం చట్టం ఆలోచించాలని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఏ చట్టం వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: గంటలకు రుజువు ఏది?

ఆ రుజువు ఆ నోటు పుస్తకంలో ఉంది. డాక్టర్ కోసం రాస్తున్న ఆ పేజీ కింద, రోజూ ఇంటివాళ్లు ఒకరు, అటెండెంట్ ఒకరు సంతకం పెడితే అది పని గంటల రిజిస్టర్ అవుతుంది. ఏజెన్సీ రసీదులో కూలీ ఎంతో, తన వాటా ఎంతో వేరువేరుగా రాయాలని కార్మిక శాఖ ఆదేశిస్తే, రోజుకు 300 ఎటు పోతుందో ఇంటివాళ్లకూ తెలుస్తుంది. చేరేటప్పుడే అటెండెంట్ పని ఏది, నర్సు పని ఏది అని కాగితం మీద పెడితే గొట్టం దగ్గర తప్పు జరిగినప్పుడు నింద ఆమె ఒక్కదాని మీద పడదు.

మనలో చాలామంది శ్రమ మీద పేపర్లు రాస్తాం, సెమినార్లలో చదువుతాం. మన ఇళ్లలోనూ తాతకో నానమ్మకో ఒక మనిషిని పెట్టుకునే ఉంటాం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆమె రాత్రి ఎన్నిసార్లు లేచిందో అడగండి. ఆ లెక్క జీతంలో ఉందో లేదో చూడండి. మా పిన్ని పుస్తకంలో పేజీలు అయిపోవచ్చాయి. ఇంకొకటి కొనిమ్మంది.